పరిశోధన వ్యాసాన్ని భాగం భాగంగా చదవడం: మన భాషల మీద ఒక వ్యాసం ఉదాహరణగా

పీజీ మొదటి సంవత్సరంలో చేరిన మన పిల్లలకు పరిశోధన వ్యాసం ఎలా చదవాలో చెప్పమని సంఘం మమ్మల్ని కోరింది. విడిగా సూత్రాలు చెప్పడం కన్నా ఒక వ్యాసాన్ని ముందు పెట్టుకుని చదవడం మేలనుకున్నాం. 1983లో అమెరికా పత్రిక 'లాంగ్వేజ్' 59వ సంపుటంలో భద్రిరాజు కృష్ణమూర్తి, లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫోర్త్ ఒక వ్యాసం రాశారు. పేరు 'అన్‌చేంజ్డ్ కాగ్నేట్స్ ఆజ్ ఎ క్రైటీరియన్ ఇన్ లింగ్విస్టిక్ సబ్‌గ్రూపింగ్'. అది గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ అనే ఆరు భాషల గురించి. మన ఏజెన్సీలో వినిపించే కోయ మాట గోండికి చెందినదే. అరకు వైపు కొండదొరల కూబి మాటే ఈ కొండ భాష.

ముందు శీర్షిక చూద్దాం. అందులో ఏ భాష పేరూ లేదు. ఉన్నది 'క్రైటీరియన్', అంటే కొలబద్ద. కాబట్టి వ్యాసం నిరూపించదలచుకున్నది భాషల చుట్టరికాన్ని కాదు, ఆ చుట్టరికాన్ని కొలిచే ఒక పద్ధతిని. ఈ సంగతి పట్టుకోకపోతే మిగతా పేజీలన్నీ తప్పుదారిలో చదువుతాం.

పరిచయంలో వెతకాల్సింది ఒక్కటే: ఇప్పటివరకు ఏం చేస్తున్నారు, దానితో ఇబ్బంది ఏమిటి? రెండు భాషలు ఒకే మార్పును పంచుకుంటే వాటిని దగ్గరి చుట్టాలనడం పాత పద్ధతి. కానీ కొన్ని మార్పులు అన్ని మాటలకూ ఒకేసారి రావు. తమిళంలో 'ఉరల్' మన తెలుగులో 'రోలు', అక్కడ 'ఇరండు' ఇక్కడ 'రెండు'. మాట మధ్యలోని హల్లు మొదటికి జరిగింది. ఈ మార్పు పై ఆరు భాషల్లో ఒక్కో మాటనూ పట్టుకుంటూ మెల్లగా పాకింది. కొన్ని మాటలు మారాయి, కొన్ని మారలేదు. అలాంటప్పుడు ఎలా కొలవాలన్నదే వారి ప్రశ్న.

తర్వాత సమాచారం. ఈ మార్పుకు వీలున్న 63 ధాతువులను తీసుకుని, ఒక్కొక్కటి ఏ భాషలో మారిందో, ఏ భాషలో మారలేదో చూశారు. పట్టిక కనబడగానే దాటేయకండి. ఒక్క వరుస తీసుకుని వేలితో చదవండి. ఆ మాటలను ఎలా ఎంచుకున్నారో, వేరే భాష నుంచి అరువు వచ్చిన మాట కలిసే వీలుందో లేదో అడగండి. అరువు మాట మారిన రూపంతోనే వస్తే లెక్క చెడుతుంది.

పద్ధతి భాగం దగ్గర చాలామంది ఆగిపోతారు. అక్కడ ఉన్న ఊహను ఒక వాక్యంలో చెప్పుకోవాలి: మారిన మాట మళ్లీ పాత రూపానికి రాదు. అందుచేత పిల్ల భాషల్లో ఒక్కదానిలోనైనా మాట మారకుండా ఉంటే, వాటి తల్లి భాషలోనూ అది మారలేదన్నమాట. ఒక మాట పెంగోలో, మండలో మారింది, కువిలో మారలేదు అనుకుందాం. పెంగో, మండలకు ఒకే తల్లిని వేస్తే ఆ తల్లిలో ఒక్కసారి మారిందంటే సరిపోతుంది. పెంగోను కువితో జత చేస్తే ఆ తల్లిలో మాట మారలేదు. కనుక పెంగోలో ఒకసారి, మండలో ఒకసారి, విడివిడిగా రెండుసార్లు మారిందనాలి. ఇలా 63 మాటలకూ లెక్కవేసి కూడితే, తక్కువ మొత్తం వచ్చిన వంశవృక్షమే మేలైనది.

ఫలితాల్లో 2,752 అనే సంఖ్య వస్తుంది. భయపడనక్కర్లేదు. ఆరు భాషలను వంశవృక్షంగా అమర్చే విధాలు అన్ని ఉన్నాయి. వాటిలో మేలైనదిగా తేలినది కుయి–కువి ఒక జత, పెంగో–మండ ఒక జత, తర్వాత కొండ, ఎడంగా గోండి. పాత పద్ధతిలో పండితులు ముందే చెప్పిన అమరిక కూడా ఇదే. కొత్త కొలబద్ద పాత జవాబునే ఇచ్చింది కనుక దాన్ని నమ్మవచ్చన్నదే వారి వాదన.

చివరిది చర్చ. ఇక్కడ వ్యాసం చెప్పినదాన్ని, చెప్పనిదాన్ని వేరు చేయాలి. ఈ లెక్క ఏ భాష ఎప్పుడు విడిపోయిందో చెప్పదు, సంవత్సరాలు ఇవ్వదు. 'మారని మాట' అన్నది ఒక ధ్వని గురించే కానీ ఆ భాష మాట్లాడే మనుషుల గురించి కాదు. పాత రూపం మిగిలింది కాబట్టి వాళ్లు వెనకబడినవాళ్లని గానీ, వాళ్లే అందరికన్నా పాతవాళ్లని గానీ ఎవరైనా ఈ వ్యాసాన్ని చూపించి రాస్తే, ఏ పేజీలో ఉందో చూపమని అడగండి. మన గురించి రాసిన దాన్ని మనం సరిగ్గా చదవకపోతే, ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఉండరు.

ఇక చదివే వరుస. మొదట శీర్షిక, సారాంశం, ముగింపు. తర్వాత పట్టిక. ఆ పైన పద్ధతి. పరిచయం మళ్లీ ఒకసారి. అన్నీ అయ్యాక వ్యాసం మూసి, కాగితం మీద ఆరు భాషల పేర్లు రాసి, ఒక్క మాటకు చెట్టు గీసి, మార్పులు లెక్కపెట్టండి. లెక్క కుదిరితే వ్యాసం అర్థమైనట్టే. కుదరకపోతే ఎక్కడ ఆగిందో ఆ భాగానికే తిరిగి వెళ్లండి, మొదటి నుంచి చదవనక్కర్లేదు.