గుర్రం, బండ, రెండు లెక్కలు

జీవితమంతా భౌతికశాస్త్రం బోధించిన మాస్టారి స్మృతిలో ఏర్పాటైన ఈ ఉపన్యాసానికి న్యూటన్ మూడో నియమమే తగిన విషయం. ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుందని అప్పజెప్పలేని విద్యార్థి ఉండడు. అదే విద్యార్థికి ఒక చిన్న ప్రశ్న ఇచ్చి చూస్తే, ఆ నియమం అతని చేతిలోనే ఎదురు తిరుగుతుంది.

1687లో అచ్చయిన ప్రిన్సిపియాలో న్యూటన్ ఈ నియమం కిందే ఉదాహరణలు ఇచ్చాడు. వేలితో రాయిని నొక్కితే రాయి కూడా వేలిని నొక్కుతుంది. తాడు కట్టి గుర్రం బండను లాగితే, బండ కూడా గుర్రాన్ని అంతే బలంతో తనవైపు లాగుతుంది. బిగిసిన తాడు వదులవ్వాలని చూస్తూ రెండు కొసలనూ ఒకేలా లాగుతుందని కారణం కూడా రాశాడు.

ఇంగ్లండులో గుర్రం లాగిన ఆ బండను మన పల్లెల్లో సంక్రాంతికి, తిరునాళ్లకు ఒంగోలు గిత్తలు లాగుతాయి. బండలాగుడు పందెంలో నిర్ణీత సమయానికి ఏ జత ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. ఆ బరి పక్కన నిలబడి తొమ్మిదో తరగతి పిల్లవాణ్ని ఇలా అడగవచ్చు: ఎడ్లు బండను ఎంత బలంతో లాగితే బండ కూడా ఎడ్లను అంతే బలంతో వెనక్కి లాగుతుంది కదా, మరి బండ ఎలా కదిలింది?

జవాబులు రెండు రకాలుగా వస్తాయి. రెండూ సమానమైతే కొట్టేసుకుంటాయి కాబట్టి బండ కదలకూడదని ఒకడు అంటాడు. బండ కళ్లెదుటే కదులుతోంది కాబట్టి ఎడ్ల లాగుడే ఎక్కువై ఉండాలని ఇంకొకడు అంటాడు. మొదటివాడు నియమాన్ని నమ్మి కంటిని వదిలేశాడు, రెండోవాడు కంటిని నమ్మి నియమాన్ని వదిలేశాడు. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ జవాబుల వెనక ఉన్న తప్పు మాత్రం ఒక్కటే. బండ మీద పనిచేసే బలాన్నీ, ఎడ్ల మీద పనిచేసే బలాన్నీ ఇద్దరూ ఒకే వస్తువు మీద పెట్టి తీసివేత చేశారు. ఇద్దరు రైతుల అప్పులూ ఆదాయాలూ ఒకే పద్దులో రాస్తే ఎవరికి ఎంత మిగిలిందో ఎప్పటికీ తేలదు.

పద్దులు విడదీసి చూద్దాం. లెక్క సులువు కోసం బండ 1000 కిలోలు, ఎడ్ల జత కూడా 1000 కిలోలు అనుకుందాం. తాడు బండను 5200 న్యూటన్ల బలంతో ముందుకు లాగుతోంది. నేల ఘర్షణ బండను 5000 న్యూటన్లతో వెనక్కి పట్టుకుంటోంది. బండ మీద అడ్డంగా పనిచేసే బలాలు ఈ రెండే. మిగిలిన 200 న్యూటన్లు 1000 కిలోల బండకు సెకనుకు సెకనుకు 0.2 మీటర్ల త్వరణం ఇస్తాయి. బండ పద్దు ఇంతటితో ముగిసింది. బండ ఎడ్లను లాగే బలానికి ఇందులో చోటే లేదు.

ఇక ఎడ్ల పద్దు. తాడు వాటిని 5200 న్యూటన్లతో వెనక్కి లాగుతోంది, అంటే బండ మీద ఉన్నంతే. అవి గిట్టలు దిగేసి నేలను వెనక్కి తన్నుతున్నాయి, నేల వాటిని 5400 న్యూటన్లతో ముందుకు నెడుతోంది. ఇక్కడా మిగిలింది 200, త్వరణం అదే 0.2. తాడు బలాలు సమానంగానే ఉన్నాయి, బండా కదిలింది. బరి బురదై గిట్టలు జారితే ఎంత బలమైన గిత్తలైనా ఎందుకు ఓడిపోతాయో ఈ రెండో పద్దులోనే కనిపిస్తుంది.

బండ మొరాయించినప్పటి లెక్క కూడా చూడాలి. ఎడ్లు 4000 న్యూటన్లతో లాగినా కదల్లేదంటే, నేల ఘర్షణ బండను 4000తో ఆపింది. దాన్ని నిలిపినది ఆ ఘర్షణ, మూడో నియమం కాదు.

చర్యా ప్రతిచర్యా కొట్టేసుకునే సందర్భం అసలు లేదా అంటే, ఉంది. న్యూటనే దాన్ని చూపించాడు. అయస్కాంతాన్నీ ఇనుమునూ వేర్వేరు పాత్రల్లో ఉంచి నీటి మీద వదిలాడు. ఆ పాత్రలు ఒకదాన్నొకటి తాకాక ఏదీ రెండోదాన్ని నెట్టుకుపోలేదు, రెండూ నిశ్చలంగా నిలిచాయి. రెండు పాత్రలనూ కలిపి ఒకే వస్తువుగా తీసుకున్నప్పుడు వాటి పరస్పర బలాలు లోపలివి అవుతాయి, లోపలివి కాబట్టి కొట్టేసుకుంటాయి. ఎడ్లనూ బండనూ కలిపి 2000 కిలోల ఒక వస్తువనుకున్నా ఇదే జరుగుతుంది. తాడు బలాలు లెక్కలోంచి పోయి, నేల నుంచి వచ్చే 5400, 5000 మాత్రమే మిగులుతాయి. తేడా 400, త్వరణం మళ్లీ 0.2. గీత ఎక్కడ గీశామన్నదే అసలు సంగతి. గీత బండ చుట్టూ మాత్రమే గీసి, ఎడ్ల మీది బలాన్ని దాని లోపలికి తేకూడదు.

బండ ప్రశ్న కన్నా మోసకారి ఒకటుంది: బల్ల మీద కదలకుండా ఉన్న పుస్తకం. దాని భారానికి ప్రతిచర్య ఏది అని అడిగితే, బల్ల పైకి నెట్టే అభిలంబ బలమని చాలామంది రాస్తారు. ఇక్కడ అంకెలు కూడా వాళ్ల పక్షానే ఉంటాయి. కిలో పుస్తకాన్ని భూమి 9.8 న్యూటన్లతో కిందికి లాగుతుంది, బల్ల 9.8 న్యూటన్లతో పైకి నెడుతుంది. సమానమే, వ్యతిరేకమే. కానీ రెండూ పుస్తకం మీదే పనిచేస్తున్నాయి, అందుకే అవి ప్రతిచర్య జంట కాలేవు. అవి ఒకదాన్నొకటి సరితూచుకున్న బలాలు. భూమి పుస్తకాన్ని లాగడానికి జంట, పుస్తకం భూమిని లాగడం. బల్ల పుస్తకాన్ని నెట్టడానికి జంట, పుస్తకం బల్లను నొక్కడం. జంటలో రెండు బలాలూ ఒకే రకానివి, కానీ వేర్వేరు వస్తువుల మీదివి.

నమ్మకం కలగకపోతే ఆ పుస్తకాన్ని లిఫ్టు నేల మీద పెట్టాలి. లిఫ్టు సెకనుకు సెకనుకు 2 మీటర్ల త్వరణంతో పైకి బయలుదేరితే, భారం 9.8 దగ్గరే ఉంటుంది, నేల నెట్టే బలం మాత్రం 11.8 న్యూటన్లకు పెరుగుతుంది. సమానత్వం చెదిరిపోయింది. మూడో నియమం లిఫ్టులోనూ చెదరదు కాబట్టి, చెదిరిన ఈ జంట మూడో నియమానిది కాదని రుజువైనట్టే. అదే క్షణంలో పుస్తకం కూడా లిఫ్టు నేలను సరిగ్గా 11.8 న్యూటన్లతో నొక్కుతూ ఉంటుంది.

ఈ గందరగోళం ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలియడానికి ప్రిన్సిపియా తర్వాత దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది. అమెరికాలోని ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు 1985లో ఒక పరీక్షనూ, దాన్ని మెరుగుపరచి 1992లో ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’ అనే ప్రశ్నావళినీ ప్రచురించారు. ఆ రెండింటిలోనూ లెక్కలేమీ ఉండవు. వాటిలో మొదటి పరీక్షనే హార్వర్డ్ ఆచార్యుడు ఎరిక్ మజూర్ తన తరగతికి ఇచ్చాడు. మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా ఆలోచించినట్టు రాయాలా అని ఒక విద్యార్థిని అడిగిందట. కష్టమైన లెక్కలు అలవోకగా చేసే ఆ పిల్లలు ఇక్కడ తడబడటం చూశాక ఆయన తన బోధనా పద్ధతినే మార్చుకుని, విద్యార్థులు ఒకరితో ఒకరు వాదించుకునేలా తరగతిని నడిపాడు.

ఆ ప్రశ్నావళిలో జంటగా వచ్చే రెండు ప్రశ్నలు మన బండను గుర్తుచేస్తాయి. చెడిపోయిన పెద్ద ట్రక్కును వెనక నుంచి చిన్న కారు నెడుతోంది. వేగం పెరుగుతున్నప్పుడు ఎవరు ఎవరిని ఎక్కువగా నెడుతున్నారన్నది మొదటిది, వేగం స్థిరపడ్డాక సంగతేమిటన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒకటే: సమానం. వేగం పెరిగేటప్పుడు కారుదే ఎక్కువ, స్థిరపడ్డాక సమానం అని రాసే విద్యార్థికి రెండో ప్రశ్నకు మార్కు వస్తుంది. కానీ అతను అక్కడా మూడో నియమం వాడలేదు. త్వరణం లేదు కాబట్టి బలాలు సరిపోయాయనే సంతులనాన్ని కారుకూ ట్రక్కుకూ మధ్య పెట్టాడు. అందుకే ఈ రెండు జవాబులనూ దిద్దేవాళ్లు విడివిడిగా కాక పక్కపక్కన పెట్టి చదవాలి, మొదటిది తప్పితే రెండోదానికి కారణం కూడా రాయించాలి.