ముందు ఎత్తు కొలవండి

నా ఉద్యోగ జీవితమంతా బండి కింద, సస్పెన్షన్ దగ్గరే గడిచింది. అక్కడ చూసిన ఒక విషయం ఈ రోజు పట్టాలు అందుకున్న మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు కాస్త ఖరీదైన కార్లలో స్టీలు స్ప్రింగుల బదులు గాలి నింపిన బెలోలు వస్తున్నాయి. తెర మీద వేలు పెడితే బండి లేస్తుంది, దిగుతుంది. పక్కనే ఇంకో వరుసలో కంఫర్ట్, స్పోర్ట్ అని డ్యాంపర్ మోడ్‌లు. రెండు వరుసలు వేరు కాబట్టి రెండూ వేరు వేరు పనులని మా దగ్గరికి వచ్చే కొత్త ఇంజనీర్లు అనుకుంటారు. నా బెంగ అంతా ఇక్కడే.

సైకిల్ పంపు మూతిని వేలితో మూసి పిడి నొక్కి చూడండి. లోపల గాలి ఎక్కువ ఉన్నప్పుడు మెత్తగా దిగుతుంది, కొంచెమే మిగిలినప్పుడు మొండికేస్తుంది. బెలో కూడా అంతే. దాని మీద బరువు మారలేదు కాబట్టి బండిని లేపినా దించినా లోపలి పీడనం దాదాపు అదే ఉంటుంది. మారేది గాలి పరిమాణం. ఒక లెక్క చేసి చూపిస్తాను. ఒక మూలన 500 కిలోల భారం, బెలో ప్రభావ వైశాల్యం 70 చదరపు సెంటీమీటర్లు, మామూలు ఎత్తులో గాలి 2 లీటర్లు అనుకుందాం. చక్రం కదిలినంతే బెలో కదులుతుందనీ అనుకుందాం. ఆ స్ప్రింగ్ కాఠిన్యం మిల్లీమీటరుకు 25 న్యూటన్ల చిల్లర వస్తుంది. 40 మిల్లీమీటర్లు లేపితే అది 22కు తగ్గుతుంది. 20 మిల్లీమీటర్లు దించితే 27 దాటుతుంది. అంటే పై ఎత్తుకూ కింది ఎత్తుకూ మధ్య స్ప్రింగే 20 శాతానికి పైగా మారిపోయింది. డ్యాంపర్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

దీంతోపాటు చక్రానికి దొరికే చోటు కూడా మారుతుంది. మామూలు ఎత్తులో చక్రం పైకి 90, కిందికి 90 మిల్లీమీటర్లు కదలగలదనుకోండి. బండిని 40 లేపారంటే కిందికి మిగిలేది 50 మాత్రమే.

ఒకసారి మా కుర్రాళ్ల బృందం ఒక ఫిర్యాదు పట్టుకొచ్చింది. బండిని ఎత్తులో పెట్టి, కంఫర్ట్ మోడ్‌లో స్పీడ్ బ్రేకర్ దాటిస్తే ముందు నుంచి 'ధబ్' మని శబ్దం. డ్యాంపర్ బిగుతుగా ఉందని వాళ్లు తేల్చేశారు. సాగేటప్పటి నిరోధాన్ని ఇంకా తగ్గించి మళ్లీ నడిపారు. శబ్దం పెరిగింది. ఇంకా తగ్గించారు, ఇంకా పెరిగింది. నన్ను పిలిచినప్పుడు ఒక్కటే అడిగాను: చప్పుడు గడ్డ ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఎవరూ గమనించలేదు. నాయనలారా, లాప్‌టాప్ నిండా గ్రాఫులున్నాయి, చెవి మాత్రం ఇంట్లో వదిలి వచ్చారు! మళ్లీ నడిపి విన్నాం. దిగేటప్పుడే వచ్చింది. గడ్డ వెనక వాలు మీద చక్రం ఒక్కసారిగా కిందికి జారి, ఉన్న 50 మిల్లీమీటర్లూ వాడేసి, చివరి ఆపుకు కొట్టుకుంటోంది. డ్యాంపర్‌ను మెత్తబరిచిన కొద్దీ అది ఇంకా జోరుగా వెళ్లి తగులుతోంది. గడ్డ ఎక్కేటప్పుడు ఆ చప్పుడు వచ్చి ఉంటే చక్రం పైకి వెళ్లి బంప్ స్టాపర్‌ను కొట్టిందని అర్థం. అది బండి కింది ఎత్తులో ఉన్నప్పుడు వచ్చే జబ్బు. చివరికి ఆ ఎత్తును 15 మిల్లీమీటర్లు తగ్గించాం. చక్రం కిందికి జారుతూ చివరికి చేరువవుతోందని ఎత్తు సెన్సర్ చెప్పగానే డ్యాంపర్ వాల్వు బిగుసుకునేలా చేశాం. శబ్దం పోయింది.

మోడ్ అంటే బిగుతుకు పెట్టిన ఒకే అంకె కాదని కూడా అప్పుడే వాళ్లకు చెప్పాను. వాల్వుకు వెళ్లే కరెంటు ఎంత నుంచి ఎంతవరకు మారవచ్చో గీసిన హద్దులే మోడ్. ఆ హద్దుల్లోపల సెకనుకు ఎన్నోసార్లు నిర్ణయం జరుగుతుంది. బండి శరీరం సెకనుకు ఒకసారో ఒకటిన్నరసారో ఊగుతుంది. చక్రం తనంతట తాను 10 నుంచి 15 సార్లు ఎగురుతుంది. ఈ రెండింటినీ పట్టి ఉంచడానికి డ్యాంపర్ గట్టిగా ఉండాలి. కూర్చున్న మనిషి ఒంటికి బాగా తెలిసే అదురు మాత్రం ఈ రెండింటి నడుమ, 4 నుంచి 8 హెర్ట్‌జ్‌లో ఉంటుంది. అక్కడ డ్యాంపర్ గట్టిగా ఉంటే రోడ్డు నేరుగా వెన్నులోకి వస్తుంది. స్పోర్ట్‌లో ఈ నడిమి అదురును భరిస్తూ చక్రాన్ని నేలకు అంటిపెడతాం. అదే సమయంలో చాలా బండ్లు తమంతట తామే కిందికి దిగుతాయి. అప్పుడు మీకు తెలిసే గట్టిదనంలో కొంత డ్యాంపర్‌ది, కొంత స్ప్రింగ్‌ది, కొంత బంప్ స్టాపర్‌ది. ఎత్తు కదలకుండా కట్టేసి మోడ్ మార్చండి, తర్వాత మోడ్ కట్టేసి ఎత్తు మార్చండి. అలా చేయకుండా 'స్పోర్ట్ గట్టిగా ఉంది' అని నివేదిక రాసి నా బల్ల మీద పెట్టకండి.

మలుపుల సంగతికి వస్తే, గురుత్వకేంద్రం 500 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్న బండిని 40 లేపితే లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే భారం 8 శాతం పెరుగుతుంది. దించితే ఆ భారం తగ్గుతుంది. కానీ చాలా బండ్లలో దించిన కొద్దీ చక్రం పై అంచు లోపలికి ఒరుగుతుంది, టో కూడా కదులుతుంది. ఎప్పుడూ కింది ఎత్తులోనే తిప్పే బండి టైరు లోపలి అంచు ముందుగా అరుగుతుంది. బయటి నుంచి చూస్తే కొత్త టైరులాగే ఉంటుంది. చెయ్యి లోపలికి పెట్టి తడిమితేనే తెలుస్తుంది.

ఇక ఇంధనం, ఛార్జింగ్. 2100 కిలోల నున్నటి ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్ల వేగంలో సుమారు 260 న్యూటన్ల గాలి నిరోధాన్ని, 185 న్యూటన్ల టైర్ల నిరోధాన్ని ఎదుర్కొంటుంది. కొంచెం దించితే గాలి నిరోధం 3 శాతం తగ్గిందనుకుందాం. ఆదా అయింది 8 న్యూటన్లు, మొత్తంలో 2 శాతం లోపు. 50 వేగంలో అది 1 శాతం కూడా రాదు. ఆ చిన్న లాభం కోసం ఏం పణం పెడుతున్నామో కూడా చూడాలి. 2013లో అమెరికాలో రెండు టెస్లా మోడల్ ఎస్ కార్లు హైవే మీద పడి ఉన్న వస్తువులను తొక్కి, అడుగున బ్యాటరీ దెబ్బతిని మంటల్లో చిక్కుకున్నాయి. ఆ నవంబర్‌లోనే కంపెనీ హైవే వేగంలో బండి ఇదివరకటి కంటే ఎత్తుగా ఉండేలా సాఫ్ట్‌వేర్ మార్చింది. 2014 మార్చిలో అడుగున టైటానియం రేకు ప్రకటించింది. మన దగ్గర నియమం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. ఊళ్ల దగ్గర సొంతంగా పోసుకున్న గడ్డలకు ఆ నియమం తెలియదు. కింది ఎత్తుకు ఏ వేగంలో దిగాలో, ఏ వేగంలో తిరిగి లేవాలో రాసేటప్పుడు ఆ గడ్డలు మీ కళ్ల ముందు ఉండాలి.

చివరిగా, ఎక్కువ మంది తడబడే చోటు. సాయంత్రం 40 డిగ్రీల వేడి గాలితో ఆపిన బండి తెల్లవారేసరికి 25 డిగ్రీలకు చల్లబడితే, ఆ 2 లీటర్ల గాలి 5 శాతం కుంచించుకుంటుంది. బండి 14 మిల్లీమీటర్లు దిగుతుంది. ఎక్కడా లీకు లేదు, అయినా బెలోలు మార్చేసే గ్యారేజీలు ఉన్నాయి. కాబట్టి చక్రం నడిమి నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు టేపుతో నాలుగు మూలలా కొలవండి, సాయంత్రం ఒకసారి, పొద్దున బండి స్టార్ట్ చేయకముందే ఇంకోసారి. నాలుగూ సమానంగా దిగితే అది చలి పని. ఒక్క మూల మాత్రమే బాగా దిగితే ఆ బెలో, దాని గొట్టం, దాని వాల్వు మీద సబ్బు నీళ్లు పోసి బుడగల కోసం చూడండి. దొరికే దాకా కంప్రెసర్‌ను మార్చకండి. లీకును వదిలేస్తే కొత్త కంప్రెసర్ కూడా రోజంతా ఆడి ఆడి కాలిపోతుంది.