కడిగినా పోనివి



ఇవాళ నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది కొద్ది రోజుల్లో చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు ఆరోగ్య కేంద్రాల్లోనో, భద్రాచలం ఏరియా ఆసుపత్రిలోనో డ్యూటీలో ఉంటారు. భద్రాచలానికి మన గూడేల నుంచే కాదు, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి కూడా రోగులు వస్తారు. ఒకే షిఫ్టులో ఒక పురుడు, విరేచనాలతో ఒక పసివాడు, జ్వరంతో ఒక పెద్దాయన. ముగ్గురినీ తాకేవి మీ చేతులే. అందుకే ఇవాళ ఆ చేతుల గురించే మాట్లాడతాను.

ఫిలిప్ ప్రైస్ అనే అమెరికన్ సర్జన్ 1938లో ఒక ప్రయోగం ప్రచురించాడు. స్టెరైల్ నీళ్ల బేసిన్లు వరసగా పెట్టుకుని, ఒక్కోదాంట్లో కాసేపు బ్రష్‌తో చేతులు రుద్దుకుంటూ వెళ్లాడు. తర్వాత ఏ బేసిన్‌లో ఎన్ని బ్యాక్టీరియా దిగాయో లెక్కపెట్టాడు. మొదట్లో ఆ సంఖ్య గబగబా పడిపోయింది. ఆ తర్వాత ఎంత రుద్దినా తగ్గుదల నిదానించింది, పూర్తిగా మాత్రం ఆగలేదు. దీన్ని బట్టి చేతుల మీద రెండు రకాల జీవులు ఉన్నాయని ఆయన తేల్చాడు. ఒకటి వచ్చిపోయేవి, రెండోది స్థిరంగా కాపురం ఉండేవి.

వచ్చిపోయేవి అంటే పేడలోని ఈ.కోలై, విరేచనాల రోగి నుంచి అంటుకున్న షిగెల్లా, పక్క మంచం రోగి పుండులోని స్టెఫిలోకాకస్ ఆరియస్. ఇవి చర్మం పైన జిడ్డులో, మురికిలో ఇరుక్కుని ఉంటాయి. సబ్బు ఆ జిడ్డును విడగొడుతుంది, పారే నీళ్లు వాటిని తీసుకుపోతాయి. జబ్బును ఒక రోగి నుంచి మరొకరికి మోసేవి ఎక్కువగా ఇవే. కాబట్టి సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగడం వృథా శ్రమ కాదు. చేతికి మురికి కనబడనప్పుడు ఆల్కహాల్ రబ్ 20 నుంచి 30 సెకన్లు చాలు. విరేచనాల రోగి దగ్గర మాత్రం సబ్బూ నీళ్లే వాడండి. నోరోవైరస్ లాంటివి ఆల్కహాల్‌కు అంత తేలిగ్గా లొంగవు.

కాపురం ఉండేవాటి సంగతి వేరు. స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ చర్మం పై పొరల పొట్టు సందుల్లో, గోళ్ల కింద ఉంటుంది. క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్‌కు గాలి గిట్టదు, అది ముఖం మీద, వీపు మీద రోమకూపాల లోతుల్లో నూనె తింటూ బతుకుతుంది. చంకల్లాంటి చెమ్మచోట్ల కొరినీబ్యాక్టీరియా ఎక్కువ. నీళ్ల ధార పైన పారుతుందే తప్ప ఆ లోతులకు చేరదు. మందు రాసినా పైవే చస్తాయి, లోపల మిగిలినవి మళ్లీ పెరిగి పైకి వస్తాయి. గ్లౌజుల కింద చెమటలో ఇవి ఇంకా త్వరగా పెరుగుతాయి. గ్లౌజు తీశాక కూడా చేతులు శుభ్రం చేసుకోమనడానికి ఇదొక కారణం.

పోనీ, బ్రష్‌తో గట్టిగా తోమితే? చర్మం పగులుతుంది. పగిలిన చర్మంలో వచ్చిపోవాల్సిన ఆరియస్ కాపురం పెడుతుంది. మామూలు చర్మం మీద మన నివాసులు చోటునూ ఆహారాన్నీ ఆక్రమించి కొత్తవాటిని అంత తేలిగ్గా నిలవనివ్వవు. వాటిని నిర్మూలించడం మీ పని కాదు. అవి చర్మం దాటి లోపలికి వెళ్లకుండా చూడడమే మీ పని.

దాటితే ఏమవుతుందో చూద్దాం. జ్వరం పెద్దాయనకు బ్లడ్ కల్చర్ తీయాలి. మీరు చేతులు బాగానే కడిగారు, ఆయన చర్మానికి ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్ రాశారు. కానీ ఆరేదాకా ఆగలేదు. నరం దొరకక మళ్లీ వేలితో తడిమి సూది గుచ్చారు. ల్యాబ్‌లో ఎపిడెర్మిడిస్ పెరిగింది. అది రోగి రక్తంలోదా, చర్మం మీదదా? ఒకే చోటి నుంచి తీసిన రక్తమైతే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. వేర్వేరు చోట్ల గుచ్చి రెండు సెట్లు తీసి ఉంటే, ఒకదాంట్లోనే పెరిగితే చాలావరకు చర్మం నుంచి వచ్చిందే. రెండింట్లోనూ అదే పెరిగి, రోగికి సెంట్రల్ లైను లాంటిది ఉంటే నిజమైన ఇన్ఫెక్షన్ కావచ్చు. ఎందుకంటే ప్లాస్టిక్ గొట్టానికి అతుక్కుని పొరకట్టడం ఎపిడెర్మిడిస్‌కు బాగా తెలిసిన విద్య. ఈ తేడా తెలియకపోతే ఆ పెద్దాయనకు అక్కర్లేని వాంకోమైసిన్ ఎక్కుతుంది, అసలు జ్వరానికి కారణం వెతకడం ఆగిపోతుంది.

కాబట్టి రేపటి నుంచి మీకు మూడు పనులు. రోగిని ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు శుభ్రం చేసుకోండి, అది వచ్చిపోయేవాటి కోసం. సూది గుచ్చే చోట మందు రాసి పూర్తిగా ఆరనివ్వండి, అది రోగి చర్మంలోని నివాసుల కోసం. ఆరాక ఆ చోటును వేలితో తాకకండి, అది మీ చర్మంలోని నివాసుల కోసం. నరం మళ్లీ తడమాల్సి వస్తే, మందు రాయడం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. ఎంత రద్దీగా ఉన్నా సరే.