గ్రహణం చూసిన కంటికి నొప్పి ఎందుకు తెలియదు?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



1980 ఫిబ్రవరి 16న మన మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. ఆ రోజు తలుపులు మూసుకొని కూర్చున్నవారూ ఉన్నారు, ఎక్స్‌రే ఫిల్ము ముక్కో, మసి పట్టించిన గాజుపెంకో తీసుకొని మిద్దె ఎక్కినవారూ ఉన్నారు. గ్రహణం మాట వచ్చినప్పుడల్లా ఇలా చూసినవారు, "కళ్ళు మండనైనా లేదండీ, మాకేమీ కాలేదు" అంటుంటారు. మండలేదన్నది నిజమే కావచ్చు. మండలేదు గనుక ఏమీ కాలేదనడమే పొరపాటు.

వెల్డింగు చేసేవారిని అడిగి చూడండి. అద్దం లేకుండా ఆ వెలుగు చూస్తే రాత్రికి కంట్లో ఇసుక పోసినట్టు బాధ, నీరు కారడం, నిద్ర ఉండదు. అక్కడ దెబ్బతినేది కంటికి ముందున్న పారదర్శకమైన పొర, కార్నియా. దాని నిండా నొప్పి తెలిపే నరాలున్నాయి. గ్రహణం చూసినప్పుడు దెబ్బ తగిలేది కంటి వెనుక గోడకున్న రెటీనా అనే పొరకు. దానికి వెలుగును పట్టే కణాలున్నాయి గాని నొప్పి తెలిపే నరాలు లేవు. అందుచేత పాడవుతున్నా మొరపెట్టుకోదు.

భూతద్దంతో కాగితం కాలినట్టు కన్ను కాలుతుందని చాలామంది అనుకుంటారు. దుర్భిణితో చూస్తే అలా కాలడమూ ఉంది. వట్టి కంటితో చూసినప్పుడు మాత్రం ఎక్కువగా జరిగేది వేరు. సూర్యకాంతిలోని నీలి వెలుగు ఆ కణాల్లో రసాయనిక మార్పు తెస్తుంది. అది వెంటనే బయటపడదు, గంటల మీద ముదురుతుంది. రాత్రి బాగానే పడుకున్న మనిషికి తెల్లవారి లేచేసరికి చూపు నడుమ మసక కనిపించవచ్చు.

మామూలు రోజున సూర్యుణ్ణి చూడబోతే కన్ను దానంతటదే మూసుకుంటుంది. గ్రహణంనాడు వెలుగు తగ్గి ఆ కాపలా సడలుతుంది, కంటిపాప కాస్త విచ్చుకుంటుంది కూడా. మిగిలిన నెలవంకంత సూర్యుడు మాత్రం, ఉన్నంత మేరకు, ఎప్పటిలాగే తీక్షణంగా ఉంటాడు. ఆ ముక్క రూపం రెటీనా మీద, సరిగ్గా మనం అక్షరాలు చదివే చోట పడుతుంది.

దూరదేశపు సంగతే అయినా, వివరంగా నమోదైన ఉదాహరణ ఒకటి చెబుతాం. 2017 ఆగస్టు 21న న్యూయార్కులో సూర్యుడు 70 శాతం మేర మూసుకుపోయాడు. ఇరవైల వయస్సున్న ఒక యువతి అద్దాలు లేకుండా ఆరేడు సెకన్లపాటు కొన్నిసార్లు చూసింది; తర్వాత గ్రహణపు అద్దాలతో మరికాసేపు చూసింది. నాలుగు గంటల తర్వాత రెండు కళ్ళకూ మసక కమ్మింది, ఆకారాలు వంకరపోయాయి, రంగులు మారాయి. ఎడమ కంటి చూపు నడుమ నల్లని మచ్చ నిలిచింది. డాక్టర్లు కణాలు ఒక్కొక్కటిగా కనబడే యంత్రంతో ఫొటో తీస్తే, ఆ కంటి రెటీనా మీద దెబ్బతిన్న చోటు నెలవంక ఆకారంలోనే ఉంది. ఆమె చూసిన సూర్యుడి ముద్రే అది! ఇంతా జరిగినా గోడమీది అక్షరాల పట్టిక దాదాపు చివరి వరుసదాకా చదవగలిగింది. కాబట్టి పట్టిక ఒక్కటే చాలదు.

మరి పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి అందులో నీడ చూస్తే? మన ఇళ్ళలో ఇదే ఎక్కువ. మంచి గ్రహణపు అద్దం లక్ష వంతుల వెలుగులో సుమారు మూడు వంతులకు మించి పోనివ్వదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీటి పైభాగం నూటికి రెండు వంతులు తిప్పికొడుతుంది, అంటే లక్షకు రెండు వేలు. సూర్యుడు వాలేకొద్దీ ఇంకా ఎక్కువ. ఎక్స్‌రే ఫిల్ములో నలుపు ఒక్కచోట ఉన్నట్టు మరోచోట ఉండదు. మసి గాజుదీ అదే గతి. ఇవి కంటికి హాయిగా ఉంటాయి, అందుకే ఎక్కువసేపు చూస్తాం. నమ్మదగినవి ISO 12312-2 ప్రకారం తయారై, గీతలు, చిల్లులు లేని అద్దాలు, లేదా 14వ నంబరు వెల్డింగు గాజు. అవీ లేకుంటే అట్టకు సూది రంధ్రం పొడిచి, సూర్యుడికి వీపు పెట్టి, గోడమీద పడే చిన్న నెలవంకను చూసుకోవచ్చు. పిల్లలకు ఇదే సరదా.

చూసేసినవారు మరునాడు ఒక కన్ను మూసి, రెండో కంటితో గళ్ళ క్యాలెండరు చూడాలి. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఒకదాని లోటు మరొకటి కప్పేస్తుంది. గీత వంగినా, నడిమి అంకె మాయమైనా కంటి డాక్టరుగారికి చూపించి రెటీనా స్కానింగు చేయించాలి. దీన్ని నయం చేస్తుందని రుజువైన మందు ఏదీ లేదు. చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో చూపు చాలావరకు తేరుకుంటుంది. కొందరికి చిన్న మచ్చ మిగిలిపోతుంది. ఈలోగా ఎవరో చెప్పారని స్టెరాయిడు చుక్కలో, మాత్రలో సొంతంగా వాడవద్దు. కొందరిలో స్టెరాయిడ్ల వల్లే రెటీనా కింద నీరు చేరుతుంది.