ఐదో ప్రశ్నకు తేదీ కావాలి

బిలాస్‌పుర్ రైల్వే కాలనీల నుంచి పొద్దున్నే బండెక్కి కర్గీ రోడ్‌లో దిగి చదువుకున్న తెలుగు పిల్లలు ఈ రోజు పట్టాలు అందుకున్న మీలో చాలామంది ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలూ వచ్చారు. అందుకే కాసేపు తెలుగులో మాట్లాడతానని అడిగి మరీ ఒప్పించుకున్నాను.

మొదటి సంవత్సరంలో కాంట్రాక్టు చట్టం మీద మీకు ఐదు ప్రశ్నల కాగితం ఇచ్చేదాన్ని, గుర్తుందా? ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు, వెనకవైపు వివరణ. సరైన జవాబుకు రెండు మూడు వాక్యాలు సరిపోయేవి. మిగతా పేజీ అంతా తప్పు జవాబుల గురించే. మార్కులు లెక్కపెట్టుకుని కాగితం మడిచి పెట్టేసిన వాళ్లెవరో నాకు తెలుసు, పేర్లు చెప్పను. ఈ పూట ఆ వెనక పేజీ గురించే మాట్లాడదామనుకుంటున్నాను.

మొదటి మూడూ తేలిక. దుకాణంలో వస్తువు మీద ధర చీటీ అంటిస్తే అది ప్రతిపాదన కాదు, ప్రతిపాదనలకు ఆహ్వానం మాత్రమే. బేరం మనం మొదలుపెడతాం, ఒప్పుకోవాల్సింది దుకాణదారు. రెండోది 1913లో అలహాబాద్ హైకోర్టు తేల్చిన లాల్‌మన్ శుక్లా కేసు. తప్పిపోయిన పిల్లవాడిని వెతకడానికి యజమాని పంపితే గుమాస్తా వెళ్లాడు, పిల్లవాడు దొరికాడు. ఈలోగా యజమాని 501 రూపాయల బహుమతి ప్రకటించాడు. ఆ ప్రకటన సంగతి తెలియకుండానే వెతికాడు కాబట్టి గుమాస్తాకు డబ్బు రాలేదు. తెలియని ప్రతిపాదనను ఎవరూ అంగీకరించలేరు. మూడోది మైనరు రాసిన తాకట్టు. 1903లో ప్రివీ కౌన్సిల్ మొహొరీ బీబీ కేసులో అది మొదటినుంచీ చెల్లదంది. ఇందులో మీరంతా పడింది ఒకే గుంటలో: ‘మైనరు కోరితే రద్దవుతుంది’ అన్న జవాబు. కాదు. రద్దు చేసుకోవడానికి అక్కడ కాంట్రాక్టంటూ పుట్టలేదు.

నాలుగోది మనవాళ్ల ఇంటి గొడవ. చిన్నయ్య, రామయ్య పేర్లతో 1881లో మద్రాసు హైకోర్టుకు వచ్చింది. ఒక వృద్ధురాలు తన భూమిని కూతురికి దానపత్రం రాసిచ్చింది. తన తోబుట్టువులకు ఏటా 653 రూపాయలు ఇవ్వాలని అందులో షరతు పెట్టింది. కూతురు సరేనని, అదే రోజు వాళ్లకు విడిగా పత్రం రాసిచ్చింది. తర్వాత డబ్బు ఆపేసింది. ‘మీరు నాకేమిచ్చారని నేను మీకివ్వాలి? భూమి ఇచ్చింది మా అమ్మ’ అన్నది ఆమె వాదన. వినడానికి బలంగానే ఉంటుంది. ఇంగ్లండులోనైతే అప్పటికి చెల్లేది కూడా. కానీ 1872 నాటి మన చట్టం సెక్షన్ 2(డి)లో ప్రతిఫలం ‘మాట పుచ్చుకున్నవాడు గానీ, మరెవరైనా గానీ’ ఇవ్వవచ్చని ఉంది. ఆ ‘మరెవరైనా’ ఇక్కడ తల్లే. కోర్టు డబ్బు ఇవ్వాల్సిందే అంది.

దీంట్లో ఎక్కువమంది గీసిన తప్పు జవాబు ‘ఒప్పందంలో లేనివాళ్లు కూడా దావా వేయవచ్చు’. అది వేరే ప్రశ్న. ఈ కేసులో తోబుట్టువులు ఒప్పందం బయటి మనుషులు కారు, కూతురు వాళ్ల పేరునే పత్రం రాసింది. ప్రతిఫలం మాత్రమే వాళ్ల చేతి నుంచి రాలేదు. ఒప్పందం ఎవరి మధ్య జరిగింది, ప్రతిఫలం ఎవరు ఇచ్చారు, ఈ రెండింటినీ విడిగా అడిగి చూస్తే ఆ తప్పు జవాబు తనంతట తనే రాలిపోతుంది.

ఇక ఐదోది, ఈ రోజు నన్ను ఇక్కడ నిలబెట్టినది. చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మ. 1917 నాటి మద్రాసు హైకోర్టు తీర్పు. ఒకాయన చచ్చిపోతానని బెదిరించి, భార్యచేతా కొడుకుచేతా ఆస్తిని తన సోదరుడి పేర విడుదల చేస్తూ పత్రం రాయించాడు. నేనిచ్చిన నాలుగు జవాబులు ఇవి. సంతకం పెట్టారు కాబట్టి పత్రం చెల్లుతుంది. అసలే చెల్లదు. బలవంతం కాబట్టి తల్లీకొడుకులు కోరితే రద్దవుతుంది. చచ్చిపోవడానికి చట్టంలో శిక్ష లేదు కాబట్టి అది బలవంతం కాదు, పత్రం నిలుస్తుంది.

మూడోదే సరైనది. సెక్షన్ 15 ప్రకారం శిక్షాస్మృతి నిషేధించిన పని చేస్తానని బెదిరించి ఒప్పించడం బలవంతం. బలవంతపు సమ్మతి ఉన్న ఒప్పందం, సెక్షన్ 19 ప్రకారం, నష్టపోయినవాళ్లు కోరితేనే రద్దవుతుంది. అందుకే రెండో జవాబు తప్పు.

కానీ నాలుగో జవాబు గీసినవాళ్లు సిగ్గుపడనక్కర్లేదు. ఆ తీర్పులో న్యాయమూర్తి ఓల్డ్‌ఫీల్డ్ రాసింది దాదాపు అదే. శిక్ష లేని పనిని శిక్షాస్మృతి నిషేధించిందని ఎలా అంటాం, ఇలాంటి సెక్షన్‌ను కచ్చితంగానే చదవాలి కదా అన్నారాయన. ప్రధాన న్యాయమూర్తి వాలిస్, శేషగిరి అయ్యర్ ఒప్పుకోలేదు. చచ్చినవాడిని శిక్షించలేరు కాబట్టే శిక్ష రాయలేదు, ప్రయత్నించడమూ పురిగొల్పడమూ నేరాలే కాబట్టి పని నిషిద్ధమే అన్నారు. ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు.

ఇంతవరకూ ఏ గైడులోనైనా దొరుకుతుంది. ఆ తర్వాతది దొరకదు. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చెప్పిన పాత 309వ సెక్షన్‌ను అందులోకి తీసుకోలేదు. ప్రభుత్వోద్యోగిని లొంగదీయడానికి చేసే ప్రయత్నం మాత్రం 226లో నేరం. పురిగొల్పడం ఇప్పటికీ నేరమే. కాంట్రాక్టు చట్టంలోని ‘శిక్షాస్మృతి’ అన్న మాటను, జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 8 ప్రకారం, కొత్త సంహితగా చదువుకోవాలి. అలా చదివితే వాలిస్, అయ్యర్ నిలబడ్డ రెండు కాళ్లలో ఒకటి పోయింది. పురిగొల్పడం అన్న ఒక్క కాలి మీద ‘నిషేధం’ నిలుస్తుందా? నిలుస్తుందని వాదించవచ్చు. నిలవదనీ, ఓల్డ్‌ఫీల్డ్ మాటే ఇప్పుడు సరిపోతుందనీ కూడా అంతే గట్టిగా వాదించవచ్చు.

మరి ఆ తల్లీకొడుకులు దిక్కులేనివాళ్లవుతారా? కారు. సెక్షన్ 16 ఉంది. ఎదుటివారి మనసును శాసించగల స్థానంలో ఉన్నవాడు ఆ స్థానాన్ని వాడుకుని అన్యాయమైన లాభం పొందితే అది అనుచిత ప్రభావం. 19ఎ ప్రకారం ఆ పత్రాన్నీ రద్దు చేయించుకోవచ్చు. అయితే దారి మారితే రుజువు చేయాల్సినదీ మారుతుంది. మొన్నటిదాకా బెదిరింపును చూపిస్తే పని జరిగేది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుబాటయ్యేదో, ఆస్తి సోదరుడికి పోతే బెదిరించినవాడికి దక్కిన లాభమేమిటో సాక్ష్యంతో చూపాలి. సోదరుడు లాభపడితే బెదిరించినవాడు లాభపడినట్టేనా అని అవతలి వకీలు తప్పకుండా అడుగుతాడు.

వచ్చే జూనియర్ల కోసం ఆ కాగితం తిరగరాశాను. మొదటి నాలుగు ప్రశ్నల్లో అక్షరం మార్చలేదు. ఐదోదాన్ని రెండుగా చేశాను. పత్రం 1917కు ముందు రాసిందైతే జవాబు ఏది, 2024 జూలై తర్వాత రాసిందైతే ఏది అని. మొదటిదానికి మూడో జవాబే, ఒక మార్కు. రెండోదానికి నాలుగు జవాబులు తీసేసి ఖాళీ గీతలు ఉంచాను, ఐదు మార్కులు. మీలో ఎవరైనా కోర్టులో ఈ వాదన వినిపించి తీర్పు తెచ్చుకుంటే, నకలు ఒకటి నాకు పంపండి. ఆ గీతల స్థానంలో మళ్లీ నాలుగు జవాబులు పెట్టుకుంటాను.