పాత బ్రాండెడ్ సిస్టమా, కొత్త అసెంబుల్డా?

క్లెమెంటి నుంచి మాట్లాడుతున్నా. ఊళ్లో మా బామ్మర్ది ఇళ్ల ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు పెట్టాడు. డబ్బులు నా ఓటీవి. "బావా, సెకండ్‌హ్యాండ్ డెల్ ప్రెసిషన్ కొననా, కొత్తది అసెంబుల్ చేయించనా?" అన్నాడు.

ప్రాసెసర్ పేరు చదవమన్నా. i7-7700 అట. గీత తర్వాత 7, అంటే ఏడో తరం. దానికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. వద్దన్నా.

i7-8700 ఉన్నది దొరికితే ప్లాన్లకు చాలు. కాకపోతే చాలా బ్రాండెడ్ మోడళ్లలో పవర్ సప్లై, మదర్‌బోర్డు వాళ్లవే పడతాయి. కాలిపోతే బజార్లో దొరికేది సరిపోదు, పని ఆగిపోద్ది. అసెంబుల్డ్‌లో అయితే ఆ ఒక్క పార్టు అదే రోజు మార్చుకోవచ్చు. అందుకే చెప్పా: షాపువాడు ఏడాది వారంటీ బిల్లు మీద రాసిస్తే పాతది తీసుకో, లేదంటే కొత్తదే చేయించు.