టర్ము సగటు ఎలా వచ్చింది?
(హచ్చొళ్ళిలో తల్లిదండ్రుల సమావేశంలో ఒక లెక్కల ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

 

మార్కుల కార్డు చేతికి రాగానే ఒక తండ్రిగారు నన్ను అడిగారు: "సార్, మా అమ్మాయికి మూడు పరీక్షల్లో నూటికి 60, 75, 60 వచ్చాయి. ప్రాజెక్టులో 90. నాలుగూ కూడి నాలుగుతో భాగిస్తే 71 దాటుతుంది. కార్డులో 69 వేశారేమి?"

మంచి ప్రశ్న. ఆయన కూడికలో తప్పు లేదు. కానీ ఆ నాలుగూ సమానమైనవి కావు. మొదటి రెండు యూనిట్ పరీక్షలు ఒక్కొక్క పాఠం మీద, 20 మార్కులకు పెట్టినవి. మూడవది రెండు పాఠాల మీద, 40 మార్కులకు. ప్రాజెక్టుకు 20. మొత్తం నూరు. అమ్మాయికి వచ్చినవి 12, 15, 24, 18. కూడితే 69. శాతాలను సగటు చేస్తే 20 మార్కుల పరీక్షకు, 40 మార్కుల పరీక్షకు ఒకే విలువ ఇచ్చినట్లవుతుంది. ప్రాజెక్టు కూడా ఐదో వంతుకు బదులు నాలుగో వంతు అయి కూర్చుంటుంది.

పరీక్షలకు 80, ప్రాజెక్టుకు 20 అని ఎందుకు పెట్టామంటే, మన కర్ణాటకలో పదవ తరగతిలో ప్రథమ భాష తప్ప మిగిలిన విషయాల్లో రాతపరీక్షకు 80, అంతర్గత మూల్యాంకనానికి 20 ఉంటాయి. పిల్లలకు ఆ పద్ధతి ముందే అలవాటు కావాలి.

ప్రాజెక్టు ఏమిటంటే, ఇంట్లో వారం రోజులు వాడిన నీటి బిందెలు లెక్కపెట్టి పటం గీయడం. రోజువారీ రాసుకున్న పుస్తకానికి 8, లెక్కకూ పటానికీ 6, నోటితో వివరించినందుకు 6. అన్నయ్య గీసిచ్చిన అందమైన చార్టు తెచ్చిన పిల్లవాడు "మంగళవారం ఎందుకు ఎక్కువైంది?" అంటే తడబడతాడు. అక్కడే తెలిసిపోతుంది.

ఇక గైర్హాజరు సంగతి. మిరపకాయల కోతకు ఇంటివాళ్ళతో వెళ్ళి ఒక అబ్బాయి రెండవ పరీక్ష రాయలేదు. మిగిలినవి 13, 26, ప్రాజెక్టు 16. అక్కడ సున్నా వేస్తే 55. ఆ పరీక్షను వదిలేసి, రాసిన 60కి వచ్చిన 39ని 80కి మారిస్తే 52, ప్రాజెక్టుతో 68. ఒకే పిల్లవాడు, పదమూడు మార్కుల తేడా! సున్నా అంటే రాసి ఏమీ రానివాడని అర్థం. ఇతడు రాయనే లేదు. అలాగని వదిలేస్తే కష్టమైన పాఠం రోజున బడి మానేవాళ్ళు తయారవుతారు. అందుకే అదే పాఠం మీద వేరే ప్రశ్నలతో మళ్ళీ పరీక్ష పెట్టాం. 11 వచ్చాయి. కార్డులో 66 వేశాం.

కాబట్టి కార్డు చూసేటప్పుడు చివరి అంకె ఒక్కటే చూడకండి. ప్రతి పరీక్ష ఎన్ని మార్కులకో చూడండి. సున్నా కనబడితే, అది రాసిన సున్నానా, రాని రోజు సున్నానా అని అడగండి. రాని రోజుదైతే మళ్ళీ పరీక్షకు పిల్లను పంపండి. కార్డు దిద్ది ఇస్తాను.

సెలవు.